కళ్ళు షార్ప్‌గా రావాలంటే ముఖమంతా రవ్వ చల్లినట్టు అవుతోంది. మాస్క్ ఎక్కడ, ఎంత వేయాలి?

హంద్రీఒడ్డు (కర్నూలు) · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కర్నూలులో చిన్న స్టూడియో పెట్టి రెండేళ్ళయింది. పెళ్ళిళ్ళు తీస్తాను, ఆల్బమ్ డిజైన్ కూడా నేనే చేసుకుంటాను. మొన్న ఒక ఆల్బమ్‌లో పెళ్ళికూతురి సింగిల్ ఫోటో 12x36 షీటులో పై నుంచి కింద వరకు వచ్చేలా వేశాను. ఫంక్షన్ హాల్లో తీసింది. 24 మెగాపిక్సెల్, 85 ఎంఎం లెన్స్, ఎఫ్ 1.8, ఐఎస్‌ఓ 2500. నడుము పైకి ఉంటుంది. వెనక పూల డెకరేషన్, సీరియల్ బల్బులు బ్లర్‌లో ఉన్నాయి.

కళ్ళు కొంచెం మెత్తగా అనిపించి ఫోటోషాప్‌లో `Unsharp Mask` కొట్టాను. Amount 180, Radius 3, Threshold 0. స్క్రీన్ మీద ఫోటో మొత్తం కనపడేలా పెట్టుకుని చూస్తే చాలా బాగుంది. ప్రింట్ వచ్చాక చూస్తే బుగ్గల మీద, నుదుటి మీద ఉప్మా రవ్వ చల్లినట్టుంది. వెనక బ్లర్ అంతా గరుకుగా అయింది. దవడ పక్కన సన్నగా తెల్ల గీత కూడా పడింది. అమ్మాయి వాళ్ళమ్మ షీటు చేతిలో పట్టుకుని "మా పాప ముఖం మీద ఇవేంటి, పొక్కులా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ షీటు నా డబ్బుతో మళ్ళీ వేయించి ఇస్తానని చెప్పాను. బుధవారం లోపల ఫైల్ పంపాలి.

కళ్ళు, నగలు, పట్టుచీర అంచు మాత్రం షార్ప్‌గా ఉండి, చర్మం, వెనక భాగం మెత్తగానే ఉండాలంటే ఎలా? లేయర్ మాస్క్ వాడాలని తెలుసు కానీ సరిగ్గా ఎప్పుడూ వాడలేదు.

---

టవర్‌క్లాక్ (అనంతపురం) · రాత్రి 9:40

దీనికి మాస్కులు గీసుకుంటూ కూర్చోవాల్సిన పనే లేదన్నా. రా ఫైల్ ఉంది కదా, కెమెరా రా లో తెరువు. షార్పెనింగ్ దగ్గర `Masking` అనే స్లైడర్ ఉంటుంది. Alt పట్టుకుని దాన్ని జరిపితే ఫోటో నలుపు తెలుపుగా మారుతుంది. తెల్లగా ఉన్నచోటే షార్ప్ అవుతుంది, నల్లగా ఉన్నచోట ఏమీ కాదు. 80 వరకు జరిపితే చర్మం మొత్తం నల్లగా అయిపోతుంది. నేను ప్రతి పెళ్ళికీ ఇదే చేస్తాను, ఒక ఫోటోకి పెట్టి మిగతా ఎనిమిది వందలకీ కాపీ కొడతాను. ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.

---

ధర్మవరంజరీ · రాత్రి 10:05

మంచి టాపిక్ పెట్టారు. మాది చీరల వ్యాపారం, ఫోన్‌తో ఫోటోలు తీసి వాట్సాప్‌లో కస్టమర్లకి పంపుతాం. మాకు అంచు, కొంగు, బుటా అన్నీ షార్ప్‌గా కనపడాలి. మరి మాస్క్ వేసి సగం మెత్తగా ఎందుకు ఉంచుతున్నారు? ఎంత షార్ప్ అయితే అంత మంచిది కదా? నేను యాప్‌లో షార్ప్‌నెస్ మొత్తం 100కి పెడతాను. కాకపోతే జరీ దగ్గర రంపం పళ్ళలాగా వస్తోంది. అది మాస్క్‌తో పోతుందా?

---

బుగ్గవంక (కడప) · రాత్రి 10:48

కడపలో పదిహేనేళ్ళుగా ఆల్బమ్ డిజైనింగ్ చేస్తున్నాను, కాబట్టి ఇలాంటి షీట్లు చాలా చూశాను. తమ్ముడూ, నువ్వు చేసిన తప్పు ఒకటే, ఒకే మందు ఒళ్ళంతా రాశావు.

షార్పెనింగ్ అనేది కొత్త వివరాన్ని తీసుకురాదు. ఒక అంచుకు చీకటి పక్కన ఉన్న పిక్సెళ్ళను ఇంకొంచెం చీకటి చేస్తుంది, వెలుతురు పక్కన ఉన్నవాటిని ఇంకొంచెం వెలుగు చేస్తుంది. కంటికి అది పదునుగా అనిపిస్తుంది. అయితే దానికి కనురెప్ప వెంట్రుక ఏదో, ఐఎస్‌ఓ 2500 నాయిస్ చుక్క ఏదో తెలియదు. రెండూ దానికి అంచులే. పెళ్ళికూతురి మేకప్‌లో మెరుపు పొడి ఉంటుంది, చర్మ రంధ్రాలుంటాయి, వాటన్నిటి చుట్టూ చీకటి, వెలుగు పెంచింది. నీకు రవ్వలా కనపడింది అదే. దవడ పక్కన తెల్ల గీత కూడా అక్కడి నుంచి వచ్చిందే. Radius 3 పెట్టావు కాబట్టి ఆ వెలుగు మూడు నాలుగు పిక్సెళ్ళ వెడల్పున పరుచుకుని గీతలా బయటపడింది.

టవర్‌క్లాక్ గారు చెప్పిన Masking స్లైడర్ మంచిదే, నేనూ వాడతాను. కానీ అది బలమైన అంచును మాత్రమే చూస్తుంది, అది కన్నా, బల్బా అని చూడదు. ఈ ఫోటోలో వెనక సీరియల్ బల్బులున్నాయి. చీకట్లో బ్లర్ అయిన బల్బు గుండ్రటి అంచు చాలా బలంగా ఉంటుంది. Alt పట్టుకుని చూడు, 80 దగ్గర కూడా ఆ గుండ్రాలు తెల్లగానే కనపడొచ్చు. పైగా పక్క నుంచి లైట్ పడిన చెంప మీద రంధ్రాల నీడలు కూడా మిగులుతాయి. ఎనిమిది వందల ఫోటోలకి అది చాలు. నిండు సైజుకి వేసే ఒక్క ఫోటోకి చాలదు.

ధర్మవరం అన్నా, మీ సంగతి వేరు. ఫోన్ కెమెరా ఫోటో సేవ్ చేసేటప్పుడే ఒకసారి గట్టిగా షార్ప్ చేసి ఇస్తుంది. దాని మీద మీరు 100 పెడితే రెండోసారి. దాన్ని వాట్సాప్ మళ్ళీ చిన్నది చేసి కుదిస్తుంది. రంపం పళ్ళు అక్కడే పుడుతున్నాయి. మాస్క్ కన్నా ముందు యాప్‌లో ఆ షార్ప్‌నెస్‌ను సున్నా చేసి ఒక ఫోటో పంపి చూడండి.

నోటిఫికేషన్ చూసి భోజనం మధ్యలో లేచి రాస్తున్నాను. మాస్క్ సంగతి వివరంగా రేపు పొద్దున రాస్తాను.

---

టవర్‌క్లాక్ · రాత్రి 11:02

బల్బుల మాట నిజమే అక్కా. ఇప్పుడే నా పాత ఫోటో ఒకటి తెరిచి చూశాను. స్టేజీ వెనక లైట్లన్నీ తెల్ల రింగుల్లా వచ్చాయి. ఇన్నాళ్ళూ ముఖం ఒక్కటే చూసుకుని వదిలేశాను.

---

బుగ్గవంక · ఆదివారం ఉదయం 7:30

తమ్ముడూ, ఇది నేను చేసే పద్ధతి. ముందు నాయిస్ తగ్గించడం, చర్మం రీటచ్, కలర్ అన్నీ అయిపోవాలి. షార్పెనింగ్ చివరి పని.

అన్ని లేయర్ల పైన నిలబడి Ctrl+Alt+Shift+E కొడితే కింద ఉన్నదంతా ఒకే కొత్త లేయర్‌గా వస్తుంది. దాన్ని Ctrl+Shift+U తో నలుపు తెలుపు చేయి. ఈ పని మరిచిపోతే నగల చుట్టూ రంగు అంచులు పడతాయి. తర్వాత `Filter > Other > High Pass` తెరువు. ఫోటో మొత్తం బూడిద రంగు అయిపోయి అంచులు మాత్రం కనపడతాయి. Radius ను 0.5 నుంచి మెల్లగా పెంచుతూ కన్ను మీదే చూపు పెట్టు. కనురెప్పల వెంట్రుకలు, నల్లగుడ్డు చుట్టూ ఉండే గీత కనపడగానే ఆగిపో. ముక్కు, పెదవుల ఆకారం ఉబ్బెత్తుగా తేలుతోందంటే ఎక్కువైందని అర్థం. ఈ ఫోటోలో 1.5 దగ్గర ఆగుతావనుకుంటున్నాను. ఓకే కొట్టి, లేయర్ మోడ్‌ను `Overlay` చేయి. బూడిద రంగు ఉన్నచోట ఏ మార్పూ ఉండదు, అంచుల దగ్గర మాత్రం పదును వస్తుంది.

ఇప్పుడు Alt పట్టుకుని లేయర్ ప్యానెల్ కింద ఉన్న మాస్క్ గుర్తును నొక్కు. నల్ల మాస్క్ వస్తుంది, షార్ప్‌నెస్ మొత్తం మాయమైపోతుంది. ఇక తెల్ల బ్రష్‌తో మనకు కావలసినచోట మాత్రమే వెనక్కి తెచ్చుకుంటాం. బ్రష్ Hardness 0, Flow 15 నుంచి 20. సైజు కంటి వెడల్పులో మూడో వంతు.

కంటి దగ్గర తొందరపడొద్దు. 200 శాతానికి జూమ్ చేసి చూస్తే కన్ను అంతా ఒకటి కాదు. కనురెప్పల వరుస, కాటుక గీత, నల్లగుడ్డు చుట్టూ ఉన్న చీకటి వలయం, ఈ మూడింటి మీద రెండు మూడు సార్లు బ్రష్ తిప్పు. తెల్లగుడ్డు మీద వేయొద్దు, అక్కడ సన్నటి ఎర్ర నరాలు ఉంటాయి, రాత్రంతా మేలుకున్న పెళ్ళికూతురికి ఇంకా ఎక్కువగా ఉంటాయి. నల్లగుడ్డులో మెరిసే లైటు చుక్క మీద కూడా వద్దు, దాని చుట్టూ నల్ల రింగు పడితే బొమ్మ కన్నులా అవుతుంది. కంటి కింద చర్మం మీదికి బ్రష్ జారితే X నొక్కి నలుపుకు మారి తుడిచేయి. కనుబొమలకి సగం చాలు. పెదవులకి అంచు గీత ఒక్కటే, లోపలి గీతలు వద్దు.

పని అయ్యాక Alt పట్టుకుని మాస్క్ బొమ్మ మీద నొక్కు. మాస్క్ ఒక్కటే తెర మీద నలుపు తెలుపులో కనపడుతుంది. నల్లటి తెర మీద రెండు కళ్ళు మెత్తటి అంచులతో తేలుతుంటే సరిగ్గా వేశావని అర్థం. ఎక్కడైనా గుండ్రటి బ్రష్ ముద్రలు కత్తిరించినట్టు కనపడితే అక్కడ చర్మం ఒక్కసారిగా గరుకు నుంచి నునుపుకు మారుతుంది. చూసేవాళ్ళు పేరు పెట్టి చెప్పలేరు కానీ ఏదో అతికించినట్టుందని వెంటనే అంటారు.

నగలకు, చీరకు ఇదే లేయర్ వాడొద్దు. అది వేరే సంగతి, ముందు ఇది చేసి చూపించు.

---

హంద్రీఒడ్డు · ఆదివారం మధ్యాహ్నం 1:15

అక్కా, చాలా థ్యాంక్స్. చేశాను కానీ రెండు ఇబ్బందులు వచ్చాయి. ఒకటి, మొదట బ్రష్ వేస్తే కంటి మీద ఏదో తెల్ల పొర పడింది, షార్ప్ కాలేదు. రెండు, కుడి కన్ను చాలా బాగా వచ్చింది కానీ ఎడమ కన్ను ఎంత వేసినా మెత్తగానే ఉంది. తల కొంచెం పక్కకి తిప్పి ఉంది.

---

ఉచితంచాలు (నంద్యాల రోడ్డు, కర్నూలు) · మధ్యాహ్నం 1:50

మొదటిది నాకు రోజూ అయ్యేదే. నువ్వు మాస్క్ మీద కాకుండా కింద ఉన్న ఫోటో లేయర్ మీద పెయింట్ చేశావు. మాస్క్ బొమ్మ మీద ఒకసారి క్లిక్ చేసి, దాని చుట్టూ గీత వచ్చిందో లేదో చూసుకుని మొదలుపెట్టు.

నేను గింప్ వాడతాను, డబ్బు పెట్టి కొనే పని లేదు. అందులో కూడా ఇదంతా ఉంది. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి `Add Layer Mask`, అందులో `Black (full transparency)`. `Filters > Enhance` లో High Pass ఉంది, `Sharpen (Unsharp Mask)` కూడా ఉంది. లేయర్ మోడ్‌లో Overlay కూడా ఉంది. అక్క చెప్పిన వరుస అలాగే పనిచేస్తుంది.

---

బుగ్గవంక · మధ్యాహ్నం 3:20

రెండోదానికి మాస్క్‌లో జవాబు లేదు తమ్ముడూ. 85 ఎంఎం, ఎఫ్ 1.8, నడుము పైకి ఫ్రేమ్. తల తిప్పినప్పుడు దూరం కన్ను ఫోకస్ దాటి పోయింది. అక్కడ అంచే లేదు, లేని అంచుకు పదును ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకా గట్టిగా వేస్తే నాయిస్ చుక్కలు మాత్రమే పైకి లేస్తాయి. దగ్గరి కన్ను మాస్క్‌లో పూర్తి తెలుపు, దూరం కన్ను సగం బూడిద, అంతే. చూసేవాళ్ళ చూపు ముందు దగ్గరి కన్ను మీదికే పోతుంది.

ఇదే లెక్క బుట్టకమ్మలకి కూడా. చెవి కంటికన్నా కొన్ని అంగుళాలు వెనక ఉంటుంది, ఈ లెన్సులో అప్పటికే మెత్తబడి ఉంటుంది. బుట్టకమ్మ బంగారం కదా అని కంటితో సమానంగా షార్ప్ చేస్తే అది చెవి నుంచి ఊడి ముందుకు వచ్చి నిలబడినట్టు కనపడుతుంది. పాపిడిబిళ్ళ, ముక్కుపుడక కన్ను ఉన్న దూరంలోనే ఉంటాయి, వాటికి తెలుపు వేయి. బుట్టకమ్మకు మూడో వంతు. భుజం మీదుగా వెనక్కి పోయే జడకు ఏమీ వద్దు. లెన్సు ఎక్కడ మెత్తగా చేసిందో మాస్క్ కూడా అక్కడ నల్లబడుతూ పోవాలి.

---

టవర్‌క్లాక్ · మధ్యాహ్నం 3:45

దూరం కన్నుకి ఇంకో లేయర్ పెట్టి High Pass Radius 4 పెడితే? నేను అలా చేసి ఒకసారి కాపాడుకున్నాను. పెద్ద బ్లర్‌కి పెద్ద రేడియస్ కావాలి కదా.

---

బుగ్గవంక · మధ్యాహ్నం 4:02

అలా చేస్తే కన్ను చుట్టూ కాంట్రాస్ట్ పెరుగుతుంది, దూరం నుంచి చూస్తే తేరుకున్నట్టే ఉంటుంది. దగ్గర నుంచి చూస్తే కాటుక మందంగా, కను కొలకులు నల్లగా అవుతాయి. చిన్న ఫోటోలో నడుస్తుంది, పెద్ద ప్రింటులో నేను ఒప్పుకోను.

---

టవర్‌క్లాక్ · మధ్యాహ్నం 4:10

నా ఫోటో 8x12 ఫ్రేమ్‌కి కూడా బాగానే వచ్చింది అక్కా. అంటే బ్లర్ ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుందేమో.

---

హంద్రీఒడ్డు · ఆదివారం రాత్రి 8:25

కళ్ళు బాగా వచ్చాయి. ఇప్పుడు చీర. ఎరుపు ధర్మవరం పట్టు, పెద్ద జరీ అంచు. అంచులోని డిజైన్ అంతా చిన్న బ్రష్‌తో గీసుకుంటూ పోతే రెండు గంటలు పట్టేలా ఉంది. పెద్ద బ్రష్‌తో వేస్తే చేతి చర్మం మీదికీ, వెనక్కీ పోతోంది. దీనికి దారి ఏమైనా ఉందా?

---

ఉచితంచాలు · రాత్రి 8:50

అంచులతోనే మాస్క్ చేయించొచ్చు. ఛానెల్స్‌లో ఒకదాన్ని కాపీ చేసి `Find Edges` కొట్టి, రివర్స్ చేసి మాస్క్‌గా పెట్టాలి. ఎరుపు ఛానెల్ తీసుకోండి, చర్మం అందులోనే నున్నగా ఉంటుంది.

---

బుగ్గవంక · రాత్రి 9:30

ముఖానికైతే ఆ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. చర్మంలో ఎరుపు ఎక్కువ కాబట్టి ఎరుపు ఛానెల్లో మచ్చలు, రంధ్రాలు చాలావరకు కలిసిపోతాయి. కానీ ఈ చీరకి అదే ఛానెల్ పనిచేయదు. ఎందుకో తమ్ముడి దగ్గరే చూపిస్తాను.

తమ్ముడూ, `Info` ప్యానెల్ తెరిచి ఐడ్రాపర్‌ను ఒకసారి చీర ఎరుపు మీద, ఒకసారి జరీ మీద పెట్టి మూడు అంకెలూ ఇక్కడ రాయి.

---

హంద్రీఒడ్డు · రాత్రి 9:41

చీర: R 168, G 24, B 38
జరీ: R 214, G 171, B 88

---

బుగ్గవంక · రాత్రి 9:58

చూశారా. ఎరుపు ఛానెల్లో చీర 168, జరీ 214. రెండూ వెలుగే, మధ్య తేడా 46 మాత్రమే. ఆకుపచ్చ ఛానెల్లో 24కి, 171కి తేడా 147. మూడింతలకు పైనే. జరీ డిజైన్ అంచులు కత్తితో గీసినట్టు ఆకుపచ్చలో ఉన్నాయి, ఎరుపులో అరిగిపోయాయి. నీలంలోకి పోవద్దు, అందులో తేడా 50 మాత్రమే, పైగా హాల్ పసుపు లైట్లలో నాయిస్ అంతా అక్కడే దాక్కుంటుంది. చీర ఆకుపచ్చదో నీలమో అయితే ఈ లెక్క మారిపోతుంది. అందుకే ప్రతిసారీ ఐడ్రాపర్ పెట్టి చూసుకోవాలి.

ఇప్పుడు పని. ఛానెల్స్ ప్యానెల్లో Green ను కింద ఉన్న కొత్త పేజీ గుర్తు మీదికి లాగు, కాపీ వస్తుంది. దానికి ముందుగా `Gaussian Blur` 2 పిక్సెళ్ళు కొట్టు. చాలామంది ఇది వదిలేస్తారు. అప్పుడు నాయిస్ చుక్కలు కూడా అంచులుగా మాస్క్‌లోకి ఎక్కుతాయి, మాస్క్ వేసిన ప్రయోజనం పోతుంది. తర్వాత `Filter > Stylize > Find Edges`, ఆ తర్వాత Ctrl+I. నల్లటి తెర మీద తెల్ల గీతలు వస్తాయి. Ctrl+L తో లెవెల్స్ తెరిచి ఎడమ స్లైడర్‌ను లోపలికి జరుపు, బుగ్గ మీద, నుదుటి మీద మిగిలిన బలహీనమైన గీతలు మాయమయ్యేవరకు. చివర్లో మళ్ళీ ఒకసారి 2 పిక్సెళ్ళ బ్లర్, గీతల అంచు మెత్తబడడానికి.

ఈ ఛానెల్ మీద Ctrl నొక్కి క్లిక్ చేస్తే సెలెక్షన్ అవుతుంది. పైన RGB మీద నొక్కి లేయర్స్‌కి తిరిగి వచ్చి, చీర కోసం చేసిన రెండో షార్ప్ లేయర్ ఎంచుకుని మాస్క్ గుర్తు నొక్కు. జరీ డిజైన్ అంతా దానంతట అదే మాస్క్‌లోకి వస్తుంది. ఇక పెద్ద నల్ల బ్రష్‌తో ముఖం, చేతులు, వెనక బల్బులు తుడిచేయి. రెండు గంటల పని పది నిమిషాలకి వస్తుంది.

ఈ రెండో లేయర్‌కి High Pass Radius 2 పెట్టు, కానీ Opacity 50 దాటనివ్వొద్దు. జరీ సహజంగానే మెరిసేది. ఇంకా పెంచితే దారాలు తెల్లగా మాడిపోయి బంగారం రంగు పోతుంది, వెండి జరీలా కనపడుతుంది.

---

ధర్మవరంజరీ · రాత్రి 10:20

బంగారం జరీ వెండిలా కనపడడం అన్నది మాకు చాలా పెద్ద సమస్య. కస్టమర్లు ఫోటోలో ఒకలా ఉంది, చీర ఒకలా ఉంది అని వెనక్కి పంపుతారు. యాప్‌లో షార్ప్‌నెస్ సున్నా చేసి ఇందాక ఒక కొంగు ఫోటో పంపించాను. రంపం పళ్ళు చాలావరకు పోయాయి, రంగు కూడా చీరకి దగ్గరగా ఉంది. కానీ దగ్గరగా చూస్తే సన్నటి గళ్ళ మీద ఏవో వంకర చారలు ఇంకా వస్తున్నాయి.

---

బుగ్గవంక · రాత్రి 10:31

ఆ చారలు షార్ప్‌నెస్ వల్ల కాదన్నా. నేత గళ్ళూ, కెమెరా పిక్సెల్ గళ్ళూ ఒకదాని మీద ఒకటి పడి వచ్చేవి. ఫోన్‌ను ఒక అడుగు దగ్గరికో వెనక్కో జరిపి, లేదా కొంచెం వాల్చి తీయండి.

---

ల్యాబ్‌పాతకాపు (కడప) · సోమవారం ఉదయం 10:10

ఆలస్యంగా చూశాను. ప్రింటింగ్ ల్యాబులో పన్నెండేళ్ళు పనిచేశాను. అక్క చెప్పినదంతా సరిగ్గానే ఉంది. కానీ తమ్ముడు ఏ సైజులో షార్ప్ చేస్తున్నాడో ఎవరూ అడగలేదు.

12x36 షీటు 300 డీపీఐలో అంటే 10800 x 3600 పిక్సెళ్ళు. నిలువు ఫోటోను పై నుంచి కింద వరకు వేశానన్నావు. నీ ఒరిజినల్ ఎత్తు 6000 పిక్సెళ్ళు, షీటులో దానికి దొరికేది 3600. అంటే ఫోటో 60 శాతానికి కుదించుకుపోతుంది. ఒరిజినల్ సైజులో 1.5 రేడియస్‌తో కనురెప్పకి ఇచ్చిన పదును షీటులోకి వచ్చేసరికి 0.9 అవుతుంది. అందులో కొంత అరిగిపోతుంది. కళ్ళు నీ స్క్రీన్ మీద బాగుండి ప్రింటులో మళ్ళీ మెత్తగా వస్తే కారణం అదే. నిన్న చేసినదంతా పక్కన పెట్టుకో, కానీ మాస్క్ పారేయొద్దు. ఫోటోను షీటులో ఉండే సైజుకి, అంటే 2400 x 3600కి తగ్గించి, ఆ సైజులో కొత్త High Pass లేయర్లు చేయి. మాస్క్ కూడా ఫోటోతోపాటు తగ్గుతుంది కాబట్టి Alt పట్టుకుని దాన్ని కొత్త లేయర్ మీదికి లాగితే చాలు, మళ్ళీ గీయక్కర్లేదు.

ఇంకొకటి. 300 డీపీఐలో ఒక పిక్సెల్ అంటే కాగితం మీద మిల్లీమీటరులో పన్నెండో వంతు. ఒక పిక్సెల్ తెల్ల గీతను చేతిలో పట్టుకున్న ఆల్బమ్‌లో కన్ను అంత తేలిగ్గా పట్టుకోలేదు. మూడు పిక్సెళ్ళది పావు మిల్లీమీటరు, అది కంటికి తగులుతుంది. కాబట్టి రేడియస్ చిన్నగా ఉంచి, స్క్రీన్ మీద 100 శాతంలో కాస్త ఎక్కువైందనిపించేంత ఇవ్వొచ్చు, ప్రింటులో సర్దుకుంటుంది.

---

హంద్రీఒడ్డు · ఉదయం 11:05

అన్నా, ఇది నాకు అసలు తట్టలేదు. 2400 x 3600కి తగ్గించాక కళ్ళకి ఎంత రేడియస్ పెట్టాలి?

---

ల్యాబ్‌పాతకాపు · ఉదయం 11:20

1 తో మొదలుపెట్టు. Overlay చాలకపోతే రేడియస్ పెంచొద్దు, లేయర్ మోడ్‌ను `Linear Light` చేసి Opacity తగ్గించి చూడు. దవడ గీత ఇంకా కనపడుతోందా?

---

హంద్రీఒడ్డు · మధ్యాహ్నం 12:40

చర్మం మీద రవ్వ పూర్తిగా పోయింది, బల్బులు మళ్ళీ మెత్తగా ఉన్నాయి. దవడ దగ్గర కూడా గీత పోయింది, ఎందుకంటే అక్కడ మాస్క్ నల్లగానే ఉంది. కానీ ముఖం పక్కన గాలికి లేచిన వెంట్రుకలు నాలుగైదు ఉన్నాయి, వాటికి వేస్తే వెనక బల్బు మీద పడిన వెంట్రుక చుట్టూ తెల్లగా మెరుస్తోంది. వదిలేస్తే వెంట్రుకలు మెత్తగా ఉన్నాయి.

---

బుగ్గవంక · మధ్యాహ్నం 1:30

వెలుగు గీత కంటికి తొందరగా తగులుతుంది, చీకటి గీత అంతగా తగలదు. ఆ గుణాన్ని వాడుకో. వెంట్రుకలకి మాత్రం High Pass వద్దు. ఫోటో కాపీ లేయర్ ఒకటి తీసుకుని `Unsharp Mask` Amount 120, Radius 0.8 కొట్టి, మోడ్‌ను `Darken` చేయి. అప్పుడు చీకటి పక్క మాత్రమే పనిచేస్తుంది, వెంట్రుక నల్లబడుతుంది కానీ చుట్టూ వెలుగు రాదు. అంతటితో పదును చాలకపోతే అదే లేయర్ ఇంకో కాపీ తీసి `Lighten` చేసి Opacity 30 పెట్టు. మాస్క్ నలుపు చేసుకుని ఆ వెంట్రుకల వెంట సన్నటి బ్రష్‌తో తిప్పు.

---

టవర్‌క్లాక్ · మధ్యాహ్నం 2:15

ఒక సందేహం. ల్యాబ్ వాళ్ళ మెషీన్ కూడా ప్రింట్ చేసేటప్పుడు షార్ప్ చేస్తుందంటారు. మనం చేసి పంపితే రెండుసార్లు అవదా? నాకు తెలిసిన ఒకాయన ఏమీ చేయకుండా పంపుతాడు.

---

ల్యాబ్‌పాతకాపు · మధ్యాహ్నం 2:40

కొన్నిచోట్ల ఆన్‌లో ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు, ఆపరేటర్ మారితే అది కూడా మారుతుంది. మెషీన్ చేసేది ఫోటో మొత్తానికి ఒకేలా చేస్తుంది, దానికి మాస్క్ లేదు. అందుకే నేనైతే ఆపేయమని ఆర్డర్‌లో రాసి, నేనే చేసి పంపుతాను.

---

బుగ్గవంక · మధ్యాహ్నం 3:05

నేను రాసినా ఆపనివాళ్ళు ఉన్నారు. పైగా మ్యాట్ లామినేషన్ వేస్తే కాంట్రాస్ట్ కొంత చచ్చిపోతుంది, గ్లాసీకి సరిపోయిన షార్ప్‌నెస్ మ్యాట్‌లో మెత్తగా వస్తుంది. మ్యాట్‌కి ఎంత అదనంగా ఇవ్వాలో నాకు కూడా ఒక అంకె దొరకలేదు, ప్రతి ల్యాబుకీ వేరే.

---

ల్యాబ్‌పాతకాపు · మధ్యాహ్నం 3:18

అంకె వెతకడం కన్నా టెస్ట్ ప్రింట్ తీసుకోవడం నయం. తమ్ముడూ, సైజు మార్చకుండా నీ షీటులోంచి ముఖం ఉన్న ముక్కను 1200 x 1800 పిక్సెళ్ళు కత్తిరించు, అది 4x6 ప్రింట్ అవుతుంది. అలాంటివి మూడు చేయి. ఒకటి షార్ప్ లేయర్లు ఆపేసి, ఒకటి ఇప్పుడున్నట్టు, ఒకటి Opacity పెంచి. అదే ల్యాబులో, అదే పేపరు మీద, అదే లామినేషన్‌తో వేయించు. ఏమీ చేయని ముక్క కూడా రవ్వగా వస్తే వాళ్ళ మెషీన్లో షార్పెనింగ్ ఆన్‌లో ఉందని తేలిపోతుంది. మూడింటినీ కిటికీ దగ్గర పగటి వెలుతురులో పట్టుకుని చూడు, ట్యూబ్‌లైట్ కింద కాదు.

---

హంద్రీఒడ్డు · మంగళవారం సాయంత్రం 6:50

మూడు ముక్కలూ వచ్చాయి. ఏమీ చేయని ముక్కలో చర్మం నున్నగానే ఉంది, కళ్ళు మెత్తగా ఉన్నాయి. అంటే ఈ ల్యాబులో మెషీన్ ఏమీ కలపడం లేదు. రెండో దాంట్లో కాటుక గీత, ముక్కుపుడక రాయి చక్కగా తేలాయి, బుగ్గ మీద ఒక్క చుక్క కూడా లేదు. మూడోదాంట్లో కళ్ళు ఇంకా బాగున్నాయి కానీ పాపిడిబిళ్ళ ముత్యాల చుట్టూ సన్నటి నల్ల గీత కనపడుతోంది. కళ్ళకి మూడోది, నగలకి రెండోది ఉంచి ఫైల్ తయారుచేశాను. కంటి లేయర్, నగల లేయర్ వేర్వేరుగా ఉండబట్టే ఇది కుదిరింది.

ఎడమ కన్ను మాత్రం అలాగే ఉంది. మాస్క్‌లో సగం బూడిదకే వదిలేశాను. రేపు పొద్దున ఫైల్ పంపుతున్నాను.

---

టవర్‌క్లాక్ · రాత్రి 7:15

ఎడమ కన్నుకి Radius 4 తో ఒక ముక్క వేయించి ఉంటే బాగుండేది అన్నా, నా మాట ఏమైందో తెలిసేది. నేను నా ఫోటోతో ఈ వారం వేయించి రెండూ ఇక్కడ పెడతాను.